వసంత వదిలిన పెద్దరికం

వెల్గటూరు వసంత మళ్ళీ పుస్తకాల సంచి భుజాన వేసుకునేనాటికి ఆమెకు ముప్పై దాటాయి. భర్త భూమేశ్ షార్జాలో పైపుల పని చేస్తాడు. కూతురు మూడో తరగతి చదువుతోంది. ఇంట్లో అత్త బాలవ్వ ఉంది. ఇంటరుతోనే పెళ్ళయిపోయిన వసంత, తర్వాత దూరవిద్యలో డిగ్రీ కట్టి పాసయింది. ఎంబీఏ ఎంట్రన్సులో ర్యాంకు వచ్చిందని తెలిసిన రోజు భూమేశ్‌కు ఫోన్ చేసి, "సీటు జగిత్యాలల అచ్చింది. పోవాల్నా వద్దా?" అని అడిగింది. అతను ఆలోచించలేదు. "పో. నేను లేనని ఇంట్ల కూసుంటె ఏమత్తది?" అన్నాడు. బాలవ్వ మాత్రం, "పొద్దుగూకక ముందు ఇంటికి రా, బిడ్డా. పోరి చదువు నేను చూసుకుంట, నీ చదువు నువ్వు చూసుకో" అంది.

అలా ధర్మపురి మీదుగా జగిత్యాలకు పోయే పొద్దుటి బస్సులో వసంతకు ఒక కిటికీ సీటు స్థిరపడింది. క్లాసులో అందరూ ఆమెకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నవాళ్ళు. మొదటి వారంలోనే ఆమె అందరికీ అక్కయింది. ఎవరికి తలనొప్పి వచ్చినా ఆమె సంచిలో గోలీ ఉంటుంది, ఎవరు నోట్సు రాసుకోకపోయినా ఆమె దగ్గర దొరుకుతుంది. ఆమెకు కూడా అది బాగానే ఉండేది.

ఆ సెమిస్టర్‌లో శంకరయ్య సారు ఒక గ్రూపు ప్రాజెక్టు ఇచ్చాడు. సంస్థల్లో మనుషులు ఎలా నడుచుకుంటారన్నది ఆయన చెప్పే పాఠం. నలుగురేసి కలిసి చుట్టుపక్కల ఏదైనా చిన్న వ్యాపారాన్ని చూడాలి. అందులో ఒక ఇబ్బందిని పట్టుకోవాలి, దానికో ఉపాయం చెప్పాలి, ఆ ఉపాయాన్ని కొన్నాళ్ళు నడిపి చూసి రిపోర్టు ఇవ్వాలి. సగం మార్కులు రిపోర్టుకు. మిగిలిన సగం, ఆ నలుగురూ కలిసి ఎలా పనిచేశారన్నదానికి.

"సగమా!" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

"అవును, సగం" అన్నాడు శంకరయ్య సారు. "ఏ జట్టుకైనా కొన్ని రకాల నడవడికలు కావాలె. ఒకరు అందరినీ ఒక్క దిక్కు నడపాలె, పని పంచాలె, మాట్లాడనోళ్ళ తోని మాట్లాడించాలె. గది కోఆర్డినేటర్. ఒకరు కొత్త ఆలోచన తేవాలె. ఒకరు ఆ ఆలోచనను పట్టుకొని పని చేసి చూపియ్యాలె. గా మనిషి ఇంప్లిమెంటర్. ఒకరు నిలబడి, గిది సరిగున్నదా అని తూకమెయ్యాలె. గాయన క్రిటిక్. గివి పదవులు గావు. మనిషికి సహజంగ వచ్చే తీరు. ఒక్కరిలో రెండు తీర్లుండొచ్చు. ఒక తీరు ఎవరిలో లేకపోతే, ఎవరో ఒకరు తెలిసి దాన్ని ఎత్తుకోవాలె. ఎవరికి ఏది కుదురుతదో మీరే తేల్చుకోండ్రి."

గ్రూపులు కూడా ఆయనే వేశాడు. వసంతతో పాటు కోరుట్ల జగదీశ్, సిరిసిల్ల సుస్మిత, ముస్తాబాద్ యోహాను వచ్చారు. జగదీశ్ ఇంట్లో పసుపు వ్యాపారం. మాటకారి, ఊహలు వాన చినుకుల్లా రాలుతుంటాయి. సుస్మిత జగిత్యాలలో హాస్టల్లో ఉండేది. వాళ్ళ నాన్నకు సిరిసిల్లలో కొన్ని సాంచెలున్నాయి. పగలూ రాత్రీ ఆ మరమగ్గాల చప్పుడులో పెరిగిన పిల్ల అయినా గొంతు పెద్దది చేసి మాట్లాడింది ఎవరూ వినలేదు. యోహాను పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. ఎవరేం చెప్పినా కాసేపు చూసి, "గట్లెందుకు?" అని అడిగే అలవాటు. ఆ అలవాటుకు జడిసి అతన్ని తమ గ్రూపులో వెయ్యొద్దని ఇద్దరు ముగ్గురు సారును ముందే బతిమాలుకున్నారు కూడా.

నలుగురూ క్యాంటీన్‌లో కూర్చుని పనులు పంచుకోవడం నిమిషంలో అయిపోయింది.

"కోఆర్డినేటర్ ఎవలంటె... ఇంకెవలు, వసంతక్కనే" అన్నాడు జగదీశ్. "పెద్దది గద. ఇల్లు నడుపుతది, గ్రూపు నడపదా?"

సుస్మిత తలూపింది. యోహాను ఏదో అనబోయి ఊరుకున్నాడు. వసంతకు లోపల పొంగింది. కాదనలేదు.

సుస్మిత చెప్పగా సిరిసిల్లలో ఒక కుట్టు కేంద్రాన్ని ఎంచుకున్నారు. శంకరవ్వ అనే ఆమె దాన్ని నడుపుతుంది. డజను మంది ఆడవాళ్ళు అక్కడ బడిపిల్లల దుస్తులు, లంగాలు, దిండు కవర్లు కుడతారు. ఆర్డర్లు చెప్పిన రోజుకు అందకపోవడం ఆ కేంద్రానికి ఉన్న తిప్పలు. వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కి నలుగురూ పోయారు. వసంత ప్రశ్నలు రాసుకుని వచ్చింది, వసంతే అడిగింది, వసంతే రాసుకుంది. శంకరవ్వ టీ తెప్పించి, "ఏం చెప్పాలె బిడ్డా, ఆడోళ్ళు టైముకు రారు. ఒకళ్ళ పిలగానికి జెరం, ఒకళ్ళింట్ల సుట్టాలు. గందుకే ఆలస్యమైతది" అంది. వసంత అదే రాసుకుంది.

తర్వాత పని పరుగెత్తింది. పరుగెత్తింది వసంతే. సుస్మితకు కేంద్రం గురించి పరిచయం రాయమంది. సుస్మిత రాసి పంపితే, బస్సులో చదివి, ఇంటికి చేరేలోపు ఫోన్లోనే మొత్తం మార్చేసింది. జగదీశ్ ఒక యాప్ చేద్దామన్నాడు, కాదంటే గోడ మీద రంగుల బోర్డు పెడదామన్నాడు. "తర్వాత చూద్దాం జగదీశ్, ముందు రాసుడు కానీ" అంది. అతను రెండుసార్లు చెప్పి, మూడోసారి మానేశాడు. యోహాను, "అక్కా, ఒక మాట" అన్నప్పుడల్లా ఆమె, "తమ్మీ, ఇప్పుడు అడ్డం పడకు, పని ఆగుతది" అనేది. కూతుర్ని నిద్రపుచ్చి, పొద్దున్నే లేచి టైపు చేసి, ఆడవాళ్ళ హాజరు పెంచడానికి ఒక పథకం తయారు చేసింది. అలసిపోయింది గానీ, అంతా తన చేతిలో ఉందన్న తృప్తి ఆ అలసటను కప్పేసింది.

సగం పని అయ్యాక సారు గ్రూపులను ఒక్కొక్కటిగా పిలిచాడు. వసంత కాగితాలు ఆయన ముందు పెట్టింది. ఆయన తిరగేసి, "శుభ్రంగ ఉన్నది" అన్నాడు. తర్వాత సుస్మిత వైపు తిరిగాడు.

"ఇందులో నీ పనేంది, సుస్మితా?"

సుస్మిత వసంతను చూసింది, నేలను చూసింది. "అక్క చేసింది సార్" అంది.

"జగదీశ్, నీది?"

"నేను... ఐడియాలు చెప్పిన సార్." ఆ ఐడియాల్లో ఒక్కటీ కాగితాల్లో లేదు.

"యోహానూ?"

యోహాను సూటిగా అన్నాడు. "నాకు ఒక అనుమానమున్నది సార్. ఆడోళ్ళు టైముకు వస్తలేరని రాసినం. ఆ మాట చెప్పింది శంకరవ్వ ఒక్కతే. కుట్టే ఆడోళ్ళల్ల ఒక్కళ్ళను గూడ మేం అడగలే."

వసంత చెవులు వేడెక్కాయి. సారు కోప్పడలేదు. కాగితాలు మడిచి తిరిగిస్తూ, "పని మంచిగ చేసేటోళ్ళు ఉన్నరు, ఆలోచన చేసేటోళ్ళు ఉన్నరు, అడిగేటోళ్ళు ఉన్నరు. మీ జట్టుల కొదవ లేదు. కుదురు లేదు. ఇంకా టైమున్నది" అని పంపాడు.

బయట మెట్ల దగ్గర వసంత యోహానును నిలదీసింది. "సారు ముందట్నే చెప్పాల్నా తమ్మీ? నాకు చెప్పరాదా?"

"చెప్పబోయిన అక్కా. శానా సార్లు చెప్పబోయిన. నువ్వు అడ్డం పడకన్నవ్."

"అంటే తప్పంత నాదేనా?"

యోహాను ఒక మెట్టు దిగి నిలబడ్డాడు. "నువ్వు పని చేసినట్టు మన నలుగుర్ల ఎవలూ చెయ్యలేరు. గది నిజం. కానీ అక్కా, నువ్వు కోఆర్డినేటర్‌వి గాదు. పెద్దదానివని నిన్ను గా కుర్చీల కూసోబెట్టినం. తప్పు మాది గూడ."

వసంత సంచి తీసుకుని బస్టాండుకు నడిచింది. కిటికీ సీట్లో కూర్చున్నా బయటి పొలాలేవీ కళ్ళకు ఆనలేదు. ఇంటికి పోయి చెప్పులు విడుస్తూనే, "అత్తా, ఒక పిలగాడు ఇయ్యాల నన్ను సారు ముందట తక్కువ చేసిండు" అంది. బాలవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "ఏమన్నడు?" అని అడిగి, మొత్తం విని, "అబద్ధం చెప్పిండా?" అంది. వసంత సంచి పట్టుకుని లోపలికి పోయింది.

మర్నాడు ఆమె ముందుగా సుస్మిత దగ్గరికి పోయింది. "చెల్లే, నిజం చెప్పు. నువ్వెందుకు ఏం చేస్తలేవు?"

సుస్మిత ముందున్న పుస్తకం మూసింది. "నేను రాసింది నువ్వు మొత్తం మార్చినవ్ అక్కా. ఒక్క ముక్క గూడ ఉంచలే. మల్ల రాయబుద్ధి కాలే. ఎట్లనన్న నువ్వే మారుస్తవ్ గద అనుకున్న."

యోహాను మాటకు కోపమొచ్చింది గానీ, ఈ మాటకు వసంతకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తానేదో అందరి బరువూ మోస్తున్నాననుకుంది. నిజానికి అందరి చేతుల్లోంచి పని లాక్కుంది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమే ముందు మాట్లాడింది. "నాకు పని చెప్పండ్రి, చేస్త. చేసుడు నాకొస్తది. పంచుడు వస్తలేదు. నా కాడ పని ఉంటె ఇంకొకళ్ళకు ఇయ్యబుద్ధి కాదు. గా కుర్చీ ఇంకెవలన్న తీసుకోండ్రి."

జగదీశ్ చొక్కా సర్దుకున్నాడు. అతనే తీసుకుంటాడని అందరూ అనుకున్నారు. యోహాను మాత్రం, "సుస్మిత" అన్నాడు.

సుస్మిత ఉలిక్కిపడింది. "నేనా? నాకు మాట్లాడుడే రాదు."

"మాట్లాడుడు గాదు, మాట్లాడిపిచ్చుడు. శంకరవ్వ కాడ మేమందరం ఆమె దిక్కు చూస్తుంటె, నువ్వు ఒక్కదానివే మిషిన్ల దిక్కు చూసినవ్. పోయేటప్పుడు మూలకున్న ఆమె కాడికి పోయి పేరు అడిగినవ్. నేను చూసిన."

జగదీశ్ ముఖం కాస్త ముడుచుకుంది. అయినా కాసేపటికి తనే నవ్వేశాడు. "నేను కూసుంటె, ఐడియా చెప్పేది నేనే, ఒప్పుకునేది నేనే అయితది. సుస్మితే కూసోనీ."

సుస్మిత మూడు రోజులు ఆలోచించుకుని కొన్ని పద్ధతులతో వచ్చింది. కాగితం చూసుకుంటూ చెప్పింది. కొత్త ఆలోచన పుట్టే టైములో ఎవరూ తప్పులు పట్టొద్దు. జగదీశ్ చెప్పడం పూర్తయ్యేదాకా యోహాను ఆగాలి. ఆలోచన ఖాయమయ్యాక, పని మొదలయ్యే ముందు, యోహానుకు టైము. అప్పుడతను ఎన్ని తప్పులైనా పట్టొచ్చు, వసంతక్క తొందరపెట్టొద్దు. కానీ తప్పు పనిది అని చెప్పాలి, మనిషిది అనొద్దు. దాన్ని ఎలా సరిచూడాలో కూడా చెప్పాలి. ఆ తర్వాత పని వసంతక్క చేతికి. ఎవరికిచ్చిన ముక్క వాళ్ళే పూర్తి చెయ్యాలి. నచ్చకపోతే మార్చకుండా, రాసినవాళ్ళతో మాట్లాడాలి.

చివరి మాట చెప్పేటప్పుడు ఆమె వసంత వైపు చూడలేదు. వసంతే ఆమె చెయ్యి పట్టుకుని, "సరే చెల్లే" అంది.

మళ్ళీ సిరిసిల్ల పోయారు. ఈసారి యోహాను ప్రశ్నే ముందు నడిచింది, సుస్మిత దాన్ని మోసింది. శంకరవ్వను ఒప్పించి, ఆమె బయటికి పోయిన వేళ మిషిన్ల మధ్య కింద కూర్చుంది. ముందు ఎవరూ మాట్లాడలేదు. సుస్మిత తొందరపడలేదు. సాంచెల గురించి, వాళ్ళ నాన్న గురించి చెప్పుకుంటూ పోయింది. చివరికి నాగవ్వ అనే ఆమె దారం కొరికి, "ఆలస్యం మేమచ్చుట్ల గాదు బిడ్డా" అంది. "కత్తిరించిన ముక్కలు మూటలు గట్టి ఇస్తరు. గా మూటల్ల సైజులు కలుస్తయ్. పెద్ద చొక్కకు చిన్న కాలరు కుడ్తం. సగం కుట్టినంక తెలుస్తది. మల్ల కుట్లు విప్పుడు, మల్ల కుట్టుడు. ఒక్క పని రెండుసార్లాయె."

మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే చెప్పారు. ఎవరూ శంకరవ్వను తిట్టలేదు. ఆమెకు తెలియదన్నారు, అంతే. బటన్లు ఇచ్చే వ్యాపారి కూడా సరుకు ఆలస్యంగా పంపుతాడని ఒకామె చెప్పింది.

తిరుగు బస్సులో వసంత యోహాను పక్కన కూర్చుంది. "నా కాగితాలు అట్లనే ఇచ్చి ఉంటె, వీళ్ళ మీద నింద పడేది" అంది. యోహాను, "పడలే గద అక్కా" అన్నాడు.

ఉపాయం జగదీశ్ దగ్గర పుట్టింది. యాప్ అన్న మాట అతనే వదిలేశాడు. కత్తిరించే చోటే ఒక్కో సైజు మూటకు ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టాలి. మూట విప్పినా, ముక్కల దొంతికి దొంతికి ఒక పేలిక ఉండాలి. కొత్తగా కొనేదేం లేదు, అక్కడ గుడ్డముక్కలు గుట్టలుగా ఉంటాయి. అతను చెప్తున్నంతసేపూ యోహాను పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. అతని అవస్థ చూసి సుస్మితకు నవ్వొచ్చింది. "ఇగ చెప్పు యోహానూ, నీ వంతు."

"ఐడియా మంచిది. కానీ గా గదిల ట్యూబులైటు కింద నీలం, ఆకుపచ్చ ఒక్క తీర్గనే కనబడ్తయ్. నాగవ్వకు చూపు తక్కువున్నది గూడ. ముందు అక్కడ పెట్టి, ఆమెకు చూపిచ్చి అడగాలె."

అడిగితే నాగవ్వ నిజంగానే తడబడింది. అప్పుడు రంగు మాని పేలికకు ముడులు పెట్టారు. చిన్న సైజుకు ఒక ముడి, తర్వాతిదానికి రెండు, పెద్దదానికి మూడు. వేలితో తడిమినా తెలుస్తుంది. ఇక్కడినుంచి పని వసంతది. పేలికలు ఎవరు కట్టాలి, ఏ వేళకు కట్టాలి, మూట ఎక్కడ పెట్టాలి, ఎవరు సరిచూడాలి, అన్నీ ఆమే దగ్గరుండి, శంకరవ్వతోనూ కత్తెర పట్టిన ఆమెతోనూ మాట్లాడి వరుస పెట్టింది. రెండు రోజుల్లో గది తీరే మారింది. ఎవరికీ ఏదీ అర్థం కాకుండా మిగల్లేదు. చేతులు అలవాటైన పనిలో పడగానే వసంతకు నెలల తర్వాత ఊపిరి ఆడినట్లయింది. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారోనన్న బెంగ తనది కాదు. అది సుస్మిత చూసుకుంటోంది.

ఒకటి రెండుసార్లు మనసు పాత దారి పట్టింది. జగదీశ్ రాసిన పేజీల్లో వాక్యాలు వంకరటింకరగా ఉన్నాయి. వసంత వేలు ఫోన్ మీదికి పోయింది, దిద్దేద్దామని. ఆపుకుని అతనికి ఫోన్ చేసింది. "జగదీశ్, గీ రెండో పేరా నాకు సమజైతలేదు, ఏం చెప్పాలనుకున్నవ్?" అతను నోటితో చెప్పిందే చక్కగా ఉంది. "గదే రాయరాదు!" అంది. అతను రాశాడు.

రిపోర్టు రాసే రోజుల్లో యోహాను తల్లికి కరీంనగర్‌లో కంటి ఆపరేషన్ అయింది. అతను వారం రోజులు రాలేనన్నాడు. మిగిలిన ముగ్గురూ కోరుట్లలో జగదీశ్ ఇంట్లో కలిశారు. కింద దుకాణంలో పసుపు బస్తాలు దించుతున్నారు, మేడమీది గదిలోకి కూడా ఆ ఘాటు వస్తోంది. రిపోర్టు దాదాపు అయింది. అందులో అందరికీ నచ్చింది జగదీశ్ గీసిన ఒక పటం. ముడులు పెట్టక ముందు ఆర్డర్లు ఎంత ఆలస్యమయ్యేవి, పెట్టాక ఎంత తగ్గింది అన్నది పక్కపక్కనే రెండు కడ్డీలు. ఒకటి తాటిచెట్టంత, ఒకటి తంగేడు మొక్కంత.

"ఇగ ఇచ్చేద్దాం" అన్నాడు జగదీశ్.

సుస్మిత ఆగింది. "యోహాను లేడు. తూకమేసే మనిషి లేకుంట ఎట్ల ఇద్దాం? ఇయ్యాల గా పని ఎవలో ఒకళ్ళు చెయ్యాలె. అక్క ఇందుల మునిగున్నది, ఆమెకు తప్పులు కనబడయ్. జగదీశ్, నువ్వు చెయ్."

"నేనా? పటం గీసింది నేను. నా దాంట్ల నేనే తప్పు పట్టాల్నా?"

"పటం వరకు నేను చూస్త. మిగిలింది నువ్వు చూడు."

జగదీశ్ సణుగుతూ కాగితాలు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వసంత, సుస్మిత కింద జగదీశ్ అమ్మ ఇచ్చిన సర్వపిండి తింటూ ఉంటే, అతను పైనుంచి మెట్లు దిగి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

"నా పటమే తప్పున్నది" అన్నాడు.

"ఏమైంది?"

"ముందటి లెక్క ఎండకాలందాయె. గప్పుడు బళ్ళు తెరుస్తరు, అన్ని సైజుల చొక్కలు ఒక్కపారే వస్తయ్. మనం ముడులు పెట్టినంక వచ్చిన ఆర్డర్లల్ల దిండు కవర్లున్నయ్. కవర్లకు సైజు ఎక్కడిది? కలిసే లెక్కనే లేదు. గవి ముడుల తోని తొందరగ కాలే. ఎట్లనన్న అయితుండె." అతను కాగితం మీద వేలు పెట్టాడు. "యోహాను ఉంటే గిదే అడుగుతుండె. గాని వాడు అడగక ముందే నాకు కనబడ్డది. ఏం చెయ్యాలె?"

సుస్మిత ఆ కాగితం అందుకుంది. వసంత నోటిదాకా వచ్చిన జవాబును మింగింది. అది తేల్చాల్సింది సుస్మిత. చివరికి సుస్మిత, "కవర్లు తీసేసి చొక్కలు, లంగాలే లెక్కగడ్దాం. ఎంత తగ్గితే అంతే చెప్దాం. ఎండకాలంతోని పోల్చుడు సరి గాదని గూడ రాద్దాం" అంది.

"నా తాటిచెట్టు పోతది."

"పోనీ."

మళ్ళీ లెక్కవేస్తే ఆలస్యం తగ్గిన మాట నిజమేగానీ, ఆ పటంలో కనిపించినంత కాదు. విప్పి మళ్ళీ కుట్టాల్సిన బట్టలు మాత్రం బాగా తగ్గాయి. బటన్ల వ్యాపారి సంగతి తాము ఏమీ చెయ్యలేకపోయామని కూడా రాశారు. యోహానుకు ఫోన్ చేసి చెబితే, ఆసుపత్రి వరండాలోంచి అతని నవ్వు వినిపించింది. "జగదీశ్ పట్టిండా? ఇగ నేను రాకున్నా నడుస్తది" అన్నాడు. సుస్మిత ఫోన్ లాక్కుని, "నడవది. అమ్మకు మంచిగ కాంగనే రా" అంది.

ప్రెజెంటేషన్ నాడు నలుగురూ వరసగా నిలబడ్డారు. జగదీశ్ మాట్లాడాడు. తన పటం ఎందుకు తీసేశాడో తనే చెప్పాడు. క్లాసు నవ్వింది, సారు నవ్వలేదు. ముందుకు వంగి విన్నాడు. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాడు, ఏం నేర్చుకున్నారని.

వసంత ఒక అడుగు ముందుకు వేసింది. "నేను కోఆర్డినేటర్‌గ మొదలువెట్టిన సార్. మధ్యల దిగిపోయిన. దిగినంకనే పనికొచ్చిన. నాకు నిజం చెప్పింది యోహాను. నేను ఇడిసిన కుర్చీల భయపడుకుంటనే కూసున్నది సుస్మిత. తన పటం తనే తీసేసింది జగదీశ్. వీళ్ళు నాకన్న చిన్నోళ్ళు. వీళ్ళకు నేను రుణపడి ఉన్న సార్."

ఆమె మళ్ళీ వరసలోకి జరిగింది. సుస్మిత తల వంచుకుని ఏడుస్తోంది. యోహాను ఎటో చూస్తున్నాడు.

ఆ గ్రూపుకు క్లాసులో మొదటి మార్కు రాలేదు. మరో గ్రూపు రిపోర్టు ఇంకా బాగుంది. జట్టుగా పనిచేసినందుకు ఇచ్చే మార్కుల్లో మాత్రం వాళ్ళ పేర్లు పైన ఉన్నాయి. శంకరవ్వ తర్వాత కూడా ముడులు కట్టిస్తూనే ఉంది. నాగవ్వ సుస్మితకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది, పని మాటేమీ లేకపోయినా.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం వసంత ముగ్గురినీ వెల్గటూరుకు భోజనానికి పిలిచింది. బాలవ్వ నాటుకోడి కూర వండింది, మక్కగారెలు చేసింది. సీతాఫలాలు దొరికే కాలం కాదని నొచ్చుకుంది. ముగ్గురూ కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చోగానే, ఆమె గిన్నె పట్టుకుని నిలబడి, "గీళ్ళల్ల నా కోడలిని సారు ముందట తక్కువ చేసింది ఎవలు?" అంది.

వసంత, "అత్తా!" అంది సిగ్గుతో. జగదీశ్ నవ్వాపుకోలేక యోహాను వైపు చూపించాడు. యోహాను లేవబోయాడు.

"కూసో, బిడ్డా, కూసో" అని బాలవ్వ అతని పళ్ళెంలో ముందు రెండు ముక్కలు వేసి, ఇంకో రెండు వేసింది. "నిజం చెప్పేటోడు ఆకలితోని పోవద్దు."

అప్పుడే షార్జా నుంచి భూమేశ్ వీడియో కాల్ చేశాడు. వసంత ఫోన్ చాప మీది గిన్నెకు ఆనించి పెట్టింది. అందరూ ఒక్కసారే మాట్లాడారు, అతనికి ఒక్కటీ వినపడలేదు. "ఒకళ్ళెనుక ఒకళ్ళు మాట్లాడుండ్రి!" అని అతను అరుస్తుంటే, సుస్మిత చెయ్యి పైకెత్తింది, మిగతావాళ్ళు ఊరుకున్నారు. "అన్నా, ముందు మీరు చెప్పుండ్రి, తిన్నరా?" అని అడిగింది.

వసంత పక్కనే కూర్చుని అందరికీ అన్నం వడ్డించింది. ఆమెకు చాలా సంతోషంగా ఉంది.